పడకటింటి కథలు: ఛాయాచిత్రములోని యేనుగు

గత మాసమున ఒక సాయంకాలము దీపము పెట్టి వంటయింటిలోనికి పోవుచుండగా నా ఫోనునకు ఒక ఛాయాచిత్రము వచ్చినది. చక్రములు గల చిన్న కొయ్య యేనుగు. దాని క్రింద మన పత్రిక చదువు నొక పెద్దావిడ వ్రాసిన నాలుగు పంక్తులు: “అమ్మాయీ, ఇది పక్కన లేనిదే మా బంగారానికి నిద్ర పట్టదు. తల్లి రెండో కాన్పుకి ఆసుపత్రిలో ఉంది. మూడు రాత్రులనుంచి అర్ధరాత్రి దాకా మెలకువే. ఈ బొమ్మ మీద ఒక కథ రాసి ఈ రాత్రికి పంపుతావా? నాకు తెలిసిన కథలన్నీ అయిపోయాయి.”

ఆ బంగారము వయస్సెంతయో ఆమె వ్రాయలేదు. కథ ఎంతసేపు సాగవలెనో వ్రాయలేదు. ఆడపిల్లయో మగపిల్లవాడో కూడ తెలియలేదు. వెంటనే అడిగి వ్రాసితిని, బదులు రాలేదు. ఆసుపత్రికి అన్నము పంపి, ఇంటిలోని బిడ్డను చూచుకొను ముసలితల్లికి మాటిమాటికి ఫోను చూచు తీరిక యెక్కడిది? అప్పటికి సాయంకాలము ఆరున్నర. ఎనిమిదిన్నరకు బిడ్డ పడక చేరును. చేతనున్నది ఛాయాచిత్ర మొక్కటే. ఆ రెండు గంటలలో నే నేమి చేసితినో, ఎక్కడ పొరబడితినో నేటి మన ముచ్చటలో చెప్పెదను. తమ్ముని కొడుకునకో, దూరదేశమున నున్న మనుమరాలికో ఇట్లే కథ పంపవలసిన యవసర మెవరి కెప్పుడు వచ్చునో తెలియదు గదా.

చిత్రము చెప్పిన మాటలు

మొదట బొమ్మ యెంతటిదో చూచితిని. ఏనుగు ప్రక్కన ఒక ఉక్కు గ్లాసు పడినది. ఏనుగు దాని కంటె రవ్వంత పొట్టి. అనగా చంటిబిడ్డ రెండు చేతులతో ఎత్తుకొనునంతటిది. కొంచెము పెద్దబిడ్డ ఒక చేత పట్టుకొని పక్కలో పెట్టుకొనగలది. ఒడలు, తల, కాళ్ళు అన్నియు గుండ్రని రూపములే. పైన నిగనిగలాడు లక్కపూత. ఏటికొప్పాక పనివలె తోచినది. అక్కడి పనివారు అంకుడు కొయ్యను తరిమెన పట్టి తిప్పుచు, రంగు కలిపిన లక్క కడ్డీని దానికి ఆనింతురు. రాపిడి వేడికి లక్క కరగి కొయ్యకు పట్టును. బొమ్మ తిరుగుచున్నప్పుడే ఆ పూత వేయవలెను గాని పిమ్మట ఇంటిలో కూర్చుండి వేయుటకు వీలు లేదు. ఈ సంగతి యెందుకు చెప్పుచున్నానో ముందు తెలియును.

పిమ్మట అరుగుదల చూచితిని. తొండము కొన యందు రంగు పోయి కొయ్య బయట పడినది. అవి పంటిగాట్లు. పండ్లు వచ్చు వయస్సున, ఏడాది రెండేండ్ల లోపల, బిడ్డలు చేతికందినదెల్ల నోట పెట్టుకొందురు. అయిన యెడల ఈ బిడ్డ చంటిబిడ్డయా? తొందరపడి అట్లు నిర్ణయింపరాదు. చిత్రము మూల ఒక చాప యంచు, ఆ చాపపై సగము కనబడు పలక. పలకపై పెద్ద పెద్ద వంకర యక్షరములు. అది నాలుగైదేండ్ల బిడ్డ చేతివ్రాత. పంటిగాటు ఒక వయస్సు చెప్పుచున్నది, పలక మఱియొక వయస్సు చెప్పుచున్నది. మరల గాట్లవంక చూడగా, అక్కడి కొయ్య తెల్లగా లేదు. చేయి తగిలి తగిలి నల్లబడి నున్ననైనది. నిన్నటి గాటైనచో కొయ్య క్రొత్తగా, చీలికలు చీలికలుగా నుండును. ఇది ఏండ్లనాటి గాటు. బిడ్డ చిన్ననాడు కొఱికిన బొమ్మనే పెద్దయినను విడువలేదన్నమాట. లేదా, అది తల్లి చిన్ననాటి బొమ్మయై యుండవచ్చును. ఆ పలక ప్రక్కయింటి బిడ్డది కావచ్చును. బొమ్మ వయస్సు బిడ్డ వయస్సు కాదని ఇట్టి చోట్ల గుర్తుంచుకొనవలెను.

కావున ఒక వయస్సును పట్టుకొనక, మూడేండ్ల నుండి ఆరేండ్ల వఱకు ఎవరికైనను సరిపడు కథ వ్రాయ నిశ్చయించితిని. ఆ రెండు కొసలకును గల భేద మిది. మూడేండ్ల బిడ్డకు తెలిసిన వస్తువులు, ఒకే చప్పుడు, ఒకే మాట మరల మరల వచ్చుట ఇష్టము. అయిదాఱేండ్ల బిడ్డకు ఆ మాటలే రెండుమాఱులు కాగానే విసుగు పుట్టును. ప్రతిదానికి కారణము కావలెను. కథ నడుమ మరల మరల వచ్చు చప్పుడు చిన్నబిడ్డకు, కథ మొదట ఒక కారణము పెద్దబిడ్డకు ఉంచినచో, వినిపించువారు అవసరము లేని దానిని తీసివేయవచ్చును.

కనబడిన లోపమును ఏమి చేయవలెను?

చిత్రములో అన్నిటికంటె నా కంటికి తగిలినది వేఱు. ఏనుగుకు మూడు చక్రములు ఎఱ్ఱనివి. నాలుగవది రంగు లేని వట్టి కొయ్య, తక్కిన వాని కంటె కొంచెము మందము. లక్కపూత ఇంటిలో వేయుటకు రాదంటిని గదా. కావున ఆ చక్రము విఱిగిన పిమ్మట ఎవరో ఇంటివారు చేసి తగిలించినదే.

ఇంతకంటె కథ కేమి కావలెనని తోచును. “పాపము, రంగులేని చక్రము గల యేనుగు ఏడ్చుచు రంగును వెదకుకొనుచు పోయెను” అని మొదలుపెట్టుట ఎంత సులభము! కాని ఆ పని నే నొకమాఱు చేసి చెడితిని. రెండేండ్ల క్రిందట మా వీథిలోని యొక బిడ్డ గుడ్డబొమ్మ చిత్రమును తల్లి చూపి కథ యడిగినది. బొమ్మకు ఒక కంటి గుండీ లేదు. నేను సంతోషముగా, పోయిన కన్ను వెదకుకొనుటకై ఆ బొమ్మ ఊరూరు తిరిగినట్లు కథ యల్లితిని. విని ఆ బిడ్డ “నా బొమ్మకు కన్ను లేదా?” అని బావురుమన్నది. అంతవఱకు దాని దృష్టిలో ఆ బొమ్మకు లోపమే లేదు. లోపమును చూపినదానను నేను. తరువాత వారము దినము లా బొమ్మను ముట్టలేదట. ఆ తల్లి నన్నేమియు ననలేదు గాని, నాకు మాత్రము సిగ్గయినది.

అప్పటినుండి నాదొక నియమము. బొమ్మలోని అరుగుదలను గుర్తుగా వాడుకొనవలెను గాని దుఃఖముగా వాడుకొనరాదు. మందమైన చక్రము నేల మీద దొర్లునప్పుడు వేఱు చప్పుడు చేయును. మూడు చక్రములు గడగడ యనిన, నాలుగవది టక్కుమనును. ఆ టక్కే ఈ యేనుగు గుర్తు. వేఱే యేనుగున కది లేదు. బిడ్డ అట్టి చప్పుడును ప్రతిదినము వినుచునే యుండును. తనకు తెలిసినదే కథలోనికి వచ్చిన యెడల బిడ్డ నమ్మును.

లేనివానిని కల్పింపరాదు

చిత్రములో లేనివి ఏవేవి వ్రాయవచ్చునో కూడ ఆలోచింపవలసి వచ్చినది. పిల్లిని పెట్టుదమనుకొంటిని, ఆ యింటిలో పిల్లి లేనిచో బిడ్డ లేచి కూర్చుండి “మన పిల్లి యేది?” అని అడుగును. మల్లెతీగ, పెరటి బావి అన్నను అంతే. ఏ యింటనైనను ఉండునవి మూడు: నీళ్ళ బిందె, తలుపు, తలక్రింద దిండు. ఆ మూటితోనే కథ నడపితిని.

ఆడయో మగయో తెలియని చిక్కు మఱియొకటి. మన వాడుకమాటలో “వచ్చాడు” అన్న మగపిల్లవాడు, “వచ్చింది” అన్న ఆడపిల్ల. పుస్తకభాషలో “వచ్చెను” అన్నచో ఇద్దఱికిని సరిపోవును. “బిడ్డ” యను మాటయు ఇద్దఱికిని చెల్లును. కావున కాగితముపై అట్లే వ్రాసి, “చెప్పునప్పుడు మీ యింటి మాటలోనికి మార్చుకొని, బిడ్డ యన్నచోట పేరు చేర్చి చెప్పుడు” అని క్రింద వ్రాసితిని. ఏనుగుకు మాత్రము పేరు పెట్టలేదు. ఇష్టమైన బొమ్మకు బిడ్డ అప్పటికే పేరు పెట్టియుండును. మనము వేఱొక పేరు పెట్టిన అది తన బొమ్మ కాదనును.

ఇక అన్నిటికంటె కష్టమైనది తల్లి మాట. ఏనుగు తన తల్లిని వెదకుకొనుచు పోయి తెల్లవాఱునప్పటికి చేరుకొన్నట్లు వ్రాసిన బిడ్డకు ఊఱట కలుగునని తోచినది. కాని ఆ తల్లి రేపు వచ్చునో, పదిదినములకు వచ్చునో నాకేమి తెలియును? కథలో రేపు వచ్చెనన్న, బిడ్డ రేపటికై కాచుకొని కూర్చుండును. రాకున్న కథ చెప్పిన అమ్మమ్మనే నమ్మదు. కావున తల్లిని కథలోనికి తేలేదు. తెలిసిన చప్పుడు ఒకటి ఇంటిలో వినబడుచున్నచో నిశ్చింతగా పండుకొనవచ్చునన్న యొక్క మాటనే కథ నిండ నుంచితిని. అది ఆ రాత్రికి నిజమైన మాట. ఏనుగు ఆ యింటనే యున్నది గదా.

కథ

నేను పంపిన కథ యిది. గుండ్రని గుర్తులలోని భాగములు తీసివేసినను కథ చెడదు.

అనగా అనగా ఒక కొయ్య యేనుగు. దానికి నాలుగు చక్రములు. మూడు ఎఱ్ఱనివి, ఒకటి తెల్లనిది. ఎఱ్ఱ చక్రములు గడ గడ గడ అనును. తెల్ల చక్రము టక్ అనును. అందువలన ఏనుగు నడచిన గడ గడ గడ టక్, గడ గడ గడ టక్ అని చప్పుడు వచ్చును.

(ముందు దానికి నాలుగును ఎఱ్ఱ చక్రములే. ఒకనాడు ఒక చక్రము విఱిగెను. అప్పుడు ఇంటిలోని వారొకరు ఒక కొయ్యముక్క తెచ్చి, రంధ్రము చేసి, ఏనుగుకు తగిలించిరి. ఏనుగు మరల నడచెను. తగిలించిన వారెవరో యేనుగునకు తెలియును. బిడ్డకును తెలియును.)

ఒకనాటి రాత్రి దీపములు ఆర్పిరి. బిడ్డ పక్క మీద పండుకొనెను. ఏనుగు మాత్రము వంటయింటి గడప దగ్గఱనే యుండిపోయెను. “నా చోటు బిడ్డ ప్రక్కన గదా! అక్కడికి పోయెదను” అనుకొని కదలెను. గడ గడ గడ టక్! “అయ్యో! నా చప్పుడునకు అందఱును మేలుకొందురేమో!” అని ఆగెను.

నీళ్ళ బిందె “ఎవరది?” అని అడిగెను.

“నేను, ఏనుగును. నిన్ను లేపితినా?”

“లేదు, లేదు. నీ టక్ విని, ఏనుగు ఇంటిలోనే యున్నదని తెలిసికొంటిని. ఇక నేను పండుకొందును” అని బిందె ఒక్క బొట్టు రాల్చి, కన్నులు మూసికొనెను.

ఏనుగు కొంచెము మెల్లగా నడచెను. గడ గడ గడ టక్.

(తలుపు “ఎవరది?” అని అడిగెను. “నేను, ఏనుగును. నిన్ను లేపితినా?” “లేదు, లేదు. నీ టక్ విని, ఏనుగు ఇంటిలోనే యున్నదని తెలిసికొంటిని. ఇక నేను పండుకొందును” అని తలుపు ఒకమాఱు కిఱ్ఱుమని ఆవులించి, కన్నులు మూసికొనెను. ఏనుగు ఇంకను మెల్లగా నడచెను. గడ… గడ… గడ… టక్.)

బిడ్డ తలక్రింది దిండు, “వచ్చితివా?” అని గుసగుసగా అడిగెను.

“వచ్చితిని. బిడ్డ నిద్రపోయెనా?”

“లేదు. నీ టక్ కొఱకే చెవి యొగ్గి యున్నది.”

ఏనుగు ఒక్కటే అడుగు వేసెను. టక్.

బిడ్డ చేయి చాచి ఏనుగు వీపు మీద వేసెను. వీపు చల్లగా నుండెను. కొంతసేపటికి వెచ్చనయ్యెను. బిందె పండుకొన్నది. తలుపు పండుకొన్నది. దిండు పండుకొన్నది. ఏనుగును పండుకొన్నది.

ఎంతసేపు చెప్పవలెను?

కథ యెంత పొడుగో అడుగువారు చెప్పనపుడు ఒక కొలత పట్టుకొని వ్రాయుట కంటె, పెంచుటకును కుదించుటకును వీలైన కూర్పు నెన్నుకొనుట మేలు. మన ఏడు చేపల కథ అట్టిది. చేప యెండకపోవుటకు గడ్డిమోపు, గడ్డిమోపునకు ఆవు, ఆవు మేయకుండుటకు పాలేరు, ఇట్లు చీమ పుట్ట దాక పోవును. నడుమ ఒక లంకెను మఱచి చెప్పినను, ఒక లంకెను చేర్చి చెప్పినను కథ నిలుచును. ఏనుగు కథలో బిందె, తలుపు అట్టి లంకెలే. గడియారము నొకదానిని, కుర్చీ నొకదానిని ఆ మాటలతోనే చేర్చుకొనవచ్చును.

నేను గడియారము నెదుట పెట్టుకొని, పక్క దగ్గఱ చెప్పునంత మెల్లగా, చప్పుళ్ళ దగ్గఱ ఆగుచు చదివి చూచితిని. కుండలీకరణము లోనివి వదలిన సుమారు రెండు నిముషములు. అన్నియు చేర్చిన మూడు నిముషములకు కొంచెము పైన. మఱి రెండు లంకెలు చేర్చిన నాలుగు నిముషములు. చదువునప్పటి కంటె చెప్పునప్పుడు బిడ్డ ప్రశ్నలు కలియును గనుక దాదాపు రెట్టింపు పట్టును.

ఎక్కడ పెంచవచ్చునో, ఎక్కడ పెంచరాదో మాత్రము తెలిసియుండవలెను. చక్రము సంగతి మొదటనే యుంచుటకు కారణ మున్నది. అక్కడ బిడ్డ మాటలాడును, ప్రశ్నించును, నవ్వును. ఆ సందడి మొదట జరిగిపోవలెను. చివర నట్టి ప్రశ్న వేసినచో వచ్చిన నిద్ర కాస్త పారిపోవును. అట్లే లంకెలను నడుమ చేర్పవలెను గాని దిండు వచ్చిన పిమ్మట మఱేమియు చేర్పరాదు. ఏనుగు చప్పుడు గడ గడ గడ టక్ నుండి ఒక్క టక్ వఱకు తగ్గుచు వచ్చినది గదా. చెప్పువారి గొంతుకయు ఆ వెంటనే తగ్గవలెను. కడపటి మాటకు ఏనుగు నిజముగా ఎక్కడ నుండునో, అనగా బిడ్డ చేతిక్రింద, అక్కడనే యుండవలెను. ఏనుగును అడవిలోనో ఆకాశములోనో వదలి కథ ముగించిన, అది తిరిగి ఇల్లు చేరువఱకు బిడ్డ నిద్రింపదు.

కథ సరిపడనిచో ఎట్లు తెలియునందురా? రెండవ లంకె దగ్గఱ బిడ్డ మనకంటె ముందుగా “నీ టక్ విని” అని తానే అందుకొని, విసుగుతో త్వరగా చెప్పివేసిన యెడల ఆ బిడ్డ పెద్దది. లంకెలు తగ్గించి దిండు దగ్గఱకు పోవలెను. అట్లుగాక చప్పుడు మాత్రమే అందుకొని నవ్విన యెడల చిన్నది. చక్రము విఱిగిన భాగము నిక మీద వదలివేయవలెను. కన్నులు పెద్దవిచేసి తలుపు వంక చూచిన యెడల చీకటిలో వస్తువులు మాటలాడుట ఆ బిడ్డకు భయము, అప్పుడు “ఎవరది?” అన్న ప్రశ్న తీసివేసి, ఏనుగే ముందుగా పలుకరించునట్లు చెప్పవలెను. చీకటిలో “ఎవరది” యను మాట కొందఱు బిడ్డలకు గుండె ఝల్లుమనిపించును. ఈ సంగతి కథ పంపిన పిమ్మట గాని నాకు తట్టలేదు. వెంటనే మఱియొక పంక్తి వ్రాసి పంపితిని. అది ఆమె మఱునాడు గాని చూడలేదట. దైవవశమున ఆ బిడ్డ జడియలేదు.

మఱునాటి యుత్తరము

మఱునాటి యుదయము ఆ పెద్దావిడ వద్దనుండి బదులు వచ్చినది. బంగారము మనుమడట, ఆఱవ యేడు నడచుచున్నదట. పలక వానిదే. పంటిగాట్లును వానివే, అయిదేండ్ల నాటివి. నేను మూడవ యేటికే ఎక్కువగా మొగ్గి వ్రాసితినని అప్పుడు తెలిసినది. కుండలీకరణములే లేకున్న కథ వానికి చప్పగా నుండెడిది.

ఆమె వ్రాసిన దానిని ఆమె మాటలలోనే చెప్పెదను: “తగిలించిన వారెవరో బిడ్డకు తెలుసు అన్నచోట నేను ఊరకే ఆగానమ్మా. వాడు వెంటనే ‘అమ్మ’ అన్నాడు. నాకే తెలియదు. విరిగిన అప్పడాల కర్ర కొన కోసి, మా అమ్మాయి చక్రం చేసిందట. ఆ సంగతంతా వాడే చెప్పాడు, రంపం ఎట్లా పట్టుకుందో చూపించాడు. మూడు రోజులలో అమ్మ మాట ఎత్తడం అదే మొదలు. ఏడుస్తాడేమో అనుకున్నాను, ఏడవలేదు. రెండోసారి చెప్పించుకున్నాడు. తలుపు దగ్గరికి వచ్చేసరికి నిద్రపోయాడు.”

సోదరీమణులారా, ఆ చక్రము ఎవరు చేసిరో నాకు తెలియదు గనుకనే “ఇంటిలోని వారొకరు” అని వదలితిని. తాతగారు చేసిరని వ్రాసియున్న ఎంత పొరపాటు జరిగియుండెడిది! తెలియనిచోట మనము పూరింపక ఖాళీగా విడిచినచో బిడ్డ తానే పూరించును. తల్లిని కథలోనికి తేవద్దని నేననుకొంటిని, బిడ్డ తెచ్చుకొన్నాడు. రేపు వచ్చునని గాక, నాడు చక్రము చేసినదని తెచ్చుకొన్నాడు. అది ఎవరును కాదనలేని మాట.

ఉత్తరము చివర రెండు దిద్దుబాటులు కూడ వ్రాసినది. ఏనుగు పేరు గున్నయ్యట. ఇకమీదట అట్లే చెప్పవలెనని మనుమని యాజ్ఞ. తెల్ల చక్రము టక్ అనదట, టిక్ అనునట. చిత్రమునకు చప్పుడు లేదు గదా, నే నేమి చేయుదును! నా కాగితములో టక్కు లన్నిటిని కొట్టివేసి టిక్కులుగా దిద్దుకొంటిని.

తొమ్మిదవ దినమున తల్లి చంటిపాపతో ఇల్లు చేరినదని ఇటీవల తెలిసినది. గున్నయ్య కథ ఇప్పు డా యింట తల్లి చెప్పుచున్నదట. చంటిపాప ఊయలను కూడ ఒక లంకెగా చేర్చినారట. ఊయల “ఎవరది?” అని అడుగదు, ఉస్సుమని మాత్ర మనును.

మీలో నెవరైన ఇట్లు బొమ్మ చిత్రము పంపదలచినచో, బిడ్డ వయస్సు, బొమ్మకు బిడ్డ పెట్టిన పేరు, మీ యింట దీపమార్పు వేళ వ్రాయుడు. ఆ బొమ్మ చేయు చప్పుడేదైన నున్నచో దానిని కూడ తప్పక వ్రాయుడు.